చవక రొయ్య మీద కేసు

ధర తగ్గించి అమ్మడం పుణ్యమా, పాపమా? ఈ ధర్మసందేహానికి నాగరిక ప్రపంచం ఎప్పుడో జవాబు కనిపెట్టింది. ముందు అమ్మేవాడిది ఏ దేశమో చెప్పండి, తర్వాత చూద్దాం అన్నదే ఆ జవాబు.

భీమవరం పక్కన ఒక చెరువులో తెల్లమచ్చ తెగులు కనబడిందనుకోండి. రైతు ఆ రాత్రే పట్టుబడికి మనుషుల్ని పిలుస్తాడు. ఇంకో నెల ఆగితే 50 కౌంట్‌కు, అంటే కిలోకి యాభై తూగే సైజుకు వచ్చే రొయ్యని 100 కౌంట్‌లోనే పట్టించి, మేత డబ్బులు కూడా రాని ధరకి వదిలించుకుంటాడు. ఖర్చుకంటే తక్కువకి అమ్మావని పక్క చెరువు రైతు కేసు పెట్టడు. పెట్టినా నిలవదు. మన 2002 కాంపిటీషన్ చట్టం ప్రకారం అది నేరం కావాలంటే అమ్మినవాడికి మార్కెట్ మీద ఆధిపత్యం ఉండాలి, ధర ఖర్చుకంటే తక్కువ ఉండాలి, పోటీదారుల్ని దెబ్బతీసే ఉద్దేశం కూడా కనబడాలి. అమెరికాలో ఇంకా ఉదారంగా ఉంటారు. చవక సిగరెట్ల మీద వచ్చిన కేసులో 1993లో వాళ్ల సుప్రీంకోర్టు తేల్చిందేమిటంటే, నష్టానికి అమ్మడం ఒక్కటే చాలదు, పోటీదారులు పోయాక రేట్లు పెంచి ఆ నష్టాన్ని తిరిగి రాబట్టుకునే అవకాశం కూడా ఉందని నిరూపించాలి. అంటే సొంత ఊళ్లో సొంత డబ్బు పోగొట్టుకోవడం పౌరుడి హక్కు. కొనేవాళ్లకి లాభమే కదా అని జడ్జిగారు కూడా సంతోషిస్తారు.

ఆ రొయ్యే ఐసు పెట్టెలో పడుకుని సముద్రం దాటితే కథ మారుతుంది.

2003 డిసెంబర్ 31న అమెరికా దక్షిణ తీరంలో రొయ్యలు పట్టేవాళ్ల తరఫున వాషింగ్టన్‌లో ఒక పిటిషన్ పడింది. ముద్దాయిలు ఇండియా, చైనా, థాయిలాండ్, వియత్నాం, బ్రెజిల్, ఈక్వెడార్. అభియోగం డంపింగ్, అంటే సొంత దేశంలో కంటే తక్కువ ధరకి బయటి దేశంలో అమ్మడం. 2005 ఫిబ్రవరిలో సుంకం ఉత్తర్వు వచ్చింది. విడిగా రేటు లెక్క కట్టని మన ఎగుమతిదారులందరికీ కలిపి 10.17 శాతం. ఆరు దేశాల్లో, ఒకరితో ఒకరు కొట్టుకు చస్తున్న వందలాది కంపెనీలు కుమ్మక్కై అమెరికా రొయ్యల మార్కెట్‌ను ఆక్రమించి, ఆనక రేట్లు పెంచేస్తాయా అని ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న ఈ చట్టంలో లేదు. ఇంట్లో ధర కంటే బయట ధర తక్కువా, దానివల్ల స్థానిక పరిశ్రమకి దెబ్బ తగిలిందా అన్న రెండే చూస్తారు. అందువల్ల లాభానికి అమ్ముతూ కూడా డంపింగ్ చేయవచ్చు. ఇంట్లో ఇంకా ఎక్కువ లాభం వస్తుంటే చాలు.

ఈ సిద్ధాంతం వెనక ఒక గట్టి వాదం ఉంది, దాన్ని కాదనను. ఒక దేశం తలుపులు మూసుకుని, లోపలి జనానికి ఎక్కువ రేటుకి అమ్మి, ఆ లాభంతో పక్కదేశంలో నష్టానికి అమ్మితే పక్కదేశం ఫ్యాక్టరీ ఎంత సమర్థంగా నడిచినా నిలవలేదు. మూసిన తలుపుల మీద పక్కదేశం కాంపిటీషన్ చట్టానికి అధికారం లేదు కాబట్టి సరిహద్దు దగ్గర సుంకం వేస్తారు. బాగానే ఉంది. కానీ తలుపులు నిజంగా మూశారా లేదా అన్నది దర్యాప్తులో అంశం కాదు. మన రొయ్యకైతే మూయడానికి లోపల మార్కెట్టే లేదు. చెరువు రొయ్యలో అధిక భాగం పుట్టిందే ఎగుమతికి.

దీనికీ ఉపాయం ఉంది. సొంత దేశంలో అమ్మకాలు అమెరికాకి పంపిన సరుకులో 5 శాతం కూడా లేకపోతే, ఇంకో దేశానికి అమ్మిన ధర చూస్తారు. అదీ కుదరకపోతే ఖర్చు, ఆఫీసు ఖర్చు, న్యాయమైన లాభం కూడి కాగితం మీద ఒక ధర కడతారు. పోల్చే మార్కెట్టులో కొన్ని సరుకులు ఎక్కువగా ఖర్చుకంటే తక్కువకి అమ్ముడై ఉంటే, అవి మామూలు వ్యాపారం కావని ఆ అమ్మకాల్ని లెక్కలోంచి తీసేయవచ్చు. చవక అమ్మకాలు పోయాక సగటు పైకి వెళ్తుంది. సగటు పైకి వెళ్తే డంపింగ్ పెరుగుతుంది. తెగులు వచ్చిన ఏడాదిలోనూ న్యాయమైన లాభం రావాలని ఇంత పట్టుదలగా కోరుకునేవాళ్లు రైతుకి ఇంకెక్కడా దొరకరు.

అసలు కళ సున్నాలో ఉంది. పోల్చే ధర కిలో 500 రూపాయలు అనుకుందాం. ఒక కిలో 450కి, ఇంకో కిలో 550కి పంపారు. సగటు 500, తేడా ఏమీ లేదు అని మీరనుకుంటారు, అది బడి లెక్క. అమెరికా వాణిజ్య శాఖ లెక్కలో మొదటి కిలో మీద 50 రూపాయలు డంపింగ్. రెండో కిలో మీద మైనస్ 50 కదా, దాన్ని సున్నాగా రాసేవారు. 50ని మొత్తం అమ్మకం 1000తో భాగిస్తే 5 శాతం. ఎక్కువకి అమ్మిన పుణ్యం తక్కువకి అమ్మిన పాపాన్ని కడగదన్నమాట. ఈ సున్నా పద్ధతి తప్పని ప్రపంచ వాణిజ్య సంస్థ 2001లోనే చెప్పింది, అదీ యూరప్ మీద ఇండియా వేసిన దుప్పట్ల కేసులో. దాన్ని చాలావరకు మానడానికి అమెరికా 2012 దాకా తీరిగ్గా ఆలోచించింది.

వసూలైన సుంకం ఎటు పోయిందో కూడా వినండి. 2000లో చేసిన బర్డ్ సవరణ ప్రకారం ఆ డబ్బు ఖజానాకి కాకుండా ఫిర్యాదుకి మద్దతిచ్చిన పరిశ్రమవాళ్లకే పంచేవారు. పోటీదారు మీద ఫిర్యాదు చేస్తే జరిమానా మీ ఖాతాలో పడుతుందంటే ఫిర్యాదు చేయనివాడు పిచ్చివాడు. ఇదీ చెల్లదని ప్రపంచ వాణిజ్య సంస్థ 2003లో తీర్పిస్తే, 2006లో రద్దు చేస్తూ, 2007 సెప్టెంబర్ దాకా వచ్చే సరుకు మీద మాత్రం పాత పద్ధతే ఉంచారు.

పైగా అక్కడ సరుకు దిగేటప్పుడు కట్టేది డిపాజిట్ మాత్రమే. అసలు సుంకం ఎంతో ఏడాది దాటాక సమీక్షలో తేలుతుంది. తిన్నవాడు చేయి కడుక్కుని వెళ్లిపోయాక హోటల్ బిల్లు తయారైనట్టు. ఈ టెన్షన్ పడలేక కొన్ని ఎగుమతి కంపెనీలు ఫిర్యాదుదారులకే డబ్బు కట్టి, సమీక్ష జాబితాలోంచి తమ పేరు తీయించుకునేవి. ఒకే దేశంలో ఇద్దరు పోటీదారులు గదిలో కూర్చుని ఇలా డబ్బు మాట్లాడుకుంటే కాంపిటీషన్ అధికారులు తలుపు తట్టేవారు. ఇక్కడ దాన్ని సెటిల్‌మెంట్ అంటారు.

రొయ్య తినేవాడి సంగతి అడిగారా? అమెరికాలో తినే రొయ్యలో అత్యధిక భాగం బయటి నుంచి వచ్చేదే. అయినా సుంకం వేయాలా వద్దా అని తేల్చేటప్పుడు తినేవాడి నష్టాన్ని తూచే నిబంధన అక్కడి చట్టంలో లేదు. యూరప్‌లో కనీసం వాడకందారుల ప్రయోజనం కూడా చూడాలని రాసుకున్నారు.

మరి ఇంత అన్యాయం భరించిన ఇండియా ఏం చేసిందంటే, ఆ విద్యని శ్రద్ధగా నేర్చుకుంది. 1995 నుంచి ప్రపంచంలో అందరికంటే ఎక్కువ యాంటీ డంపింగ్ దర్యాప్తులు మొదలుపెట్టిన దేశం మనదే. చైనా నుంచి వచ్చే చవక రసాయనాలు, ఉక్కు మీద ఢిల్లీలో దర్యాప్తు నడుస్తుంటే, వాటిని కొనే మన చిన్న ఫ్యాక్టరీలవాళ్లు వెనక బెంచీలో కూర్చుని, మా ఖర్చు పెరుగుతుందండీ అని అర్జీలు పెట్టుకుంటుంటారు. అమెరికా రొయ్యల ఉత్తర్వుని మాత్రం ఐదేళ్లకోసారి సమీక్షించి పొడిగిస్తూనే ఉన్నారు. 2024లో దాని పక్కన సబ్సిడీ సుంకం అని ఇంకొకటి చేరింది, అత్యధిక కంపెనీలకి 5.77 శాతం. దానికి వేరే దర్యాప్తు, వేరే ప్రశ్నాపత్రం, వేరే లాయరు ఫీజు.