తలనొప్పి లెక్క చాట్‌లో దొరకదు

మొన్న ఆగస్టులో డాక్టరు గారి ఎదుట కూర్చున్నప్పుడు ఆయన నన్ను రెండే ప్రశ్నలు అడిగారు. నెలలో ఎన్ని రోజులు తలనొప్పి వస్తోంది, అందులో ఎన్ని రోజులు బిళ్ళ వేసుకుంటున్నారు? నేను ఏమాత్రం తడుముకోకుండా "వారానికొకసారి వస్తుందండీ" అన్నాను. వెంటనే నా మాట మీద నాకే అనుమానం కలిగి, మా చెల్లితో నడిచే వాట్సాప్ సంభాషణ తెరిచాను. ఒంట్లో బాగోలేని ప్రతిసారీ నేను ముందుగా చెప్పుకునేది దానికే కనుక, లెక్క అంతా అందులోనే ఉంటుందని నా నమ్మకం.

అందులో "తల" అని వెతికితే తలుపు వచ్చింది, తలంబ్రాలు వచ్చాయి, మా పిన్నిగారమ్మాయి పెళ్ళి సంగతులన్నీ వచ్చాయి. కొన్నిచోట్ల ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను, అవి రోజుకొక స్పెల్లింగుతో ఉన్నాయి. గజపతినగరం నుంచి బస్సులో తిరిగి వచ్చేటప్పుడు పంపినవన్నీ వాయిస్ మెసేజ్‌లు, వాటిని వెతకడం సాధ్యం కాదు. బయట మరో ఇరవై మంది వేచి ఉండగా నేను ఫోను మీద వేలు జరుపుతూ కూర్చున్నాను. డాక్టరు గారు విసుక్కోలేదు. ఎనిమిది వారాలపాటు రాసుకుని తీసుకురమ్మని పంపించారు.

ఈ పోస్టు రాయడానికి కారణం, ఇదంతా చెప్పగానే స్టాఫ్‌రూములో ఒకరు "ఎందుకండీ ఈ రాతకోతలు, చాట్ స్క్రీన్‌షాట్లు తీసి చూపిస్తే పోలేదా?" అనడం. పోదు. ఎందుకు పోదో నా లెక్కతోనే చెబుతాను.

నేను మొదలుపెట్టిన పద్ధతి ఐదు రోజులకే కుప్పకూలింది. ఏం తిన్నాను, ఎంత ఎండ కాసింది, ఎన్ని గంటలు పడుకున్నాను అంటూ పన్నెండు గడులు గీశాను. తల పగిలిపోతున్న మనిషి పన్నెండు గడులు నింపదు. అందుకని వంటింటి గోడకున్న క్యాలెండరునే పట్టుకున్నాను. ప్రతి రాత్రీ గిన్నెలు సర్దాక ఆ రోజు గడిలో ఒక అంకె వేస్తాను. నొప్పి లేకపోతే 0, ఉన్నా పని సాగితే 1, పని కుంటుపడితే 2, పడుకోక తప్పకపోతే 3. బిళ్ళ వేసుకున్న రోజున అంకె పక్కన ఒక చుక్క. నొప్పి వచ్చిన రోజుల వివరాలు మాత్రం నోటుబుక్కులో రెండు వరుసల్లో ఉంటాయి: ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు తగ్గింది, ఒకవైపా రెండువైపులా, వాంతి వచ్చిందా, వెలుతురు భరించలేకపోయానా, ఏ బిళ్ళ ఎన్ని గంటలకు వేసుకున్నాను, నెలసరి రోజులా కాదా. షాపులో అడిగి తెచ్చుకునే బిళ్ళలో ఏముందో కూడా స్ట్రిప్ వెనుక చూసి ఒకసారి రాసిపెట్టాను. పారాసిటమాల్‌తోపాటు కెఫీన్ కూడా ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

ఎనిమిది వారాలు, అంటే 56 రోజులు. మొదటి 28 రోజుల్లో తలనొప్పి 16 రోజులు, చుక్కలు 12. తర్వాతి 28 రోజుల్లో తలనొప్పి 18 రోజులు, చుక్కలు 14. వారానికొకసారి అని చెప్పింది నేనే! ఇదే కాలానికి చెల్లికి నేను పంపిన మెసేజ్‌లను తరువాత ఓపికగా కూర్చుని, వాయిస్‌లు కూడా విని లెక్కపెట్టాను. తలనొప్పి ప్రస్తావన వచ్చినవి 11 రోజులు. వాటిలో 8 రోజులు క్యాలెండరులో 3 అంకె పడ్డవే. అంటే భరించలేనప్పుడు మాత్రమే చెల్లికి చెప్పుకున్నాను. 1 అంకె వేసిన రోజులు, ఉదయం టీతోపాటు బిళ్ళ మింగి బస్సెక్కిన రోజులు, చాట్‌లో దాదాపు లేనే లేవు. బిళ్ళ సంగతి ఒక్కచోట కూడా లేదు. ఇక రాత్రి తొమ్మిదిన్నరకు పంపిన మెసేజ్ చూసి నొప్పి రాత్రి వచ్చిందనుకుంటాం కానీ, నోటుబుక్కులో అది మధ్యాహ్నం రెండింటికి, ఏడో తరగతి పిల్లల గోల మధ్య మొదలైనట్లుంది. చాట్‌లో కనిపించే సమయం నాకు తీరిక దొరికిన సమయం మాత్రమే. నొప్పి లేని రోజున "ఈ రోజు తలనొప్పి లేదు" అని ఎవరూ ఎవరికీ మెసేజ్ పంపరు కాబట్టి, సున్నాలు అందులో ఎప్పటికీ ఉండవు. సున్నా లేకుండా నెలకెన్ని రోజులన్నది తేలదు.

డాక్టరు గారు క్యాలెండరు కాగితాలు రెండూ బల్ల మీద పరిచి, వేలితో చుక్కలు లెక్కపెట్టి, "మీకు ఉన్నవి రెండు తలనొప్పులమ్మా" అన్నారు. 3 అంకె పడ్డ తొమ్మిది రోజుల్లో నొప్పి ఒకవైపే కొట్టుకుంటూ, వాంతితో, చాలా గంటలు సాగింది. వాటిలో ఐదు నెలసరికి అటూ ఇటూ వచ్చాయి. అది మైగ్రేన్. తక్కిన ఇరవై ఐదు రోజులు తల చుట్టూ పట్టీ బిగించినట్లుండే మందమైన నొప్పి, ఎక్కువగా తెల్లవారుజామునే. అది బిళ్ళల వల్ల వస్తోందని ఆయన అనుమానం. నెలలో 15 రోజులు, అంతకు మించి తలనొప్పి ఉన్నవారు ఇలా కెఫీన్ కలిసిన బిళ్ళలను నెలకు 10 రోజులు, అంతకు మించి మూడు నెలలకు పైగా వేసుకుంటూ ఉంటే ఆ బిళ్ళలే తలనొప్పికి కారణమై ఉండవచ్చని, విడి పారాసిటమాల్ అయితే ఆ హద్దు 15 రోజులని ఆయన వివరించారు. వేసవి సెలవుల నుంచీ స్ట్రిప్పులు కొంటూనే ఉన్నానని నేనూ ఒప్పుకున్నాను. లెక్క బిళ్ళలది కాదు, రోజులది అని ఆయన నొక్కి చెప్పారు. ఒక్క రోజున నాలుగు మింగినా అది ఒక రోజే, రోజూ ఒకటి మింగితే ముప్పై రోజులు. అందుకే ఆ చుక్క.

రాసే పద్ధతిలోనూ ఒక మోసం ఉంది, అది నేనూ చేయబోయాను. సిరిమాను పండగ రోజున ఇంటినిండా చుట్టాలు, ఆ రాత్రి అంకె వేయలేదు. మూడు రోజుల తరువాత చూసి, అప్పుడేమీ లేదులే అని సున్నా వేయబోయి ఆగిపోయాను. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పరిశోధనలో, దీర్ఘకాలం నొప్పితో బాధపడేవారికి కాగితపు డైరీలు ఇచ్చి, వాటి అట్టలో తెరిచిన సమయాన్ని పట్టేసే పరికరాన్ని వారికి తెలియకుండా అమర్చారు. వేళకు రాశామని వారు చూపినవి 90 శాతం, నిజంగా వేళకు రాసినవి 11 శాతం. ఆసుపత్రికి వెళ్ళే ముందు కూర్చుని కల్పించిన డైరీ కన్నా చాట్ నయం, కనీసం అది ఆ రోజున రాసింది. మరచిన గడిని ఖాళీగా వదిలేయడమే మర్యాద. నా సిరిమాను గడి ఖాళీగానే ఉంది, డాక్టరు గారు దాని గురించి అడగను కూడా లేదు.

ఎనిమిది వారాలు రాయమన్నారు కదా అని అందరూ ఆగకూడదు. ఒక్కసారిగా పిడుగుపడ్డట్లు వచ్చే నొప్పి, కాలో చెయ్యో పట్టు తప్పడం, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, యాభై దాటాక కొత్తగా మొదలైన తలనొప్పి, ఇవి కనిపిస్తే ముందు డాక్టరు దగ్గరికే పరుగెత్తాలి.

ఆ బిళ్ళ ఆయన పూర్తిగా మాన్పించి, మైగ్రేన్‌కు వేరే మందు రాశారు. ముందు నొప్పి ఎక్కువవుతుందని హెచ్చరించారు, అలాగే అయింది. మొదటి పది రోజుల్లో ఏడు గడుల్లో 3 పడింది. ఆ వారం చెల్లి చాట్ మాత్రమే చూసి ఉంటే మందు వికటించిందనే అనుకునేవాళ్ళం. మూడో వారం నుంచి సున్నాలు మొదలయ్యాయి. నెల పూర్తయ్యాక, ఆ తరువాతి 28 రోజుల్లో తలనొప్పి ఉన్నవి ఏడే.

ఈ సున్నాలతో ఒక తగవు కూడా వచ్చింది. అదే క్యాలెండరులో పాలు పోయని రోజులకు సున్నా చుట్టడం మా అత్తగారి అలవాటు. నెలాఖరున డబ్బుల లెక్కకు వచ్చిన పాలతను గోడ వంక చూసి, "అమ్మా, ఈ నెల ఇరవై ఒక్క రోజులు పాలు పోయలేదా నేను?" అని లబలబలాడాడు. అప్పటి నుంచి నా అంకెలు ఎర్ర పెన్నుతో వేస్తున్నాను.