40 లక్షల రూపాయల ఆప్షన్లు, రాజీనామా రోజు లెక్క

ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఖాతాల పని మీద హైదరాబాద్‌లో వాళ్ల ఆఫీసుకు వెళ్లిన రోజున, స్టాఫ్ అందరితో వ్యవస్థాపకుడి మీటింగ్ జరుగుతోంది. నేనూ వెనక వరుసలో కూర్చున్నాను. కొత్తగా ఇస్తున్న ఈసాప్‌ల గురించి, అంటే ముందే నిర్ణయించిన ధరకు కంపెనీ షేర్లు కొనుక్కునేందుకు ఉద్యోగులకిచ్చే ఆప్షన్ల గురించి, ఆయన మాట్లాడుతున్నారు. బయట 20 లక్షలొచ్చే పనికి ఇక్కడ 14 లక్షలే ఎందుకిస్తున్నామో దాచకుండా చెప్పారు. బ్యాంకులో ఉన్న డబ్బు పద్నాలుగు నెలలకు సరిపోతుంది, అందరికీ మార్కెట్ జీతం ఇస్తే తొమ్మిది నెలలకే అయిపోతుంది. ఆ మాట నాకు నచ్చింది. జీతం ఎందుకు తక్కువో అంకెలతో చెప్పే యజమానులు అరుదు.

తర్వాత బోర్డు మీద ఒక గుణకారం వేశారు. ఒక్కొక్కరికి 4,000 ఆప్షన్లు. చివరి పెట్టుబడి రౌండ్‌లో షేరు ధర 1,000 రూపాయలు. అంటే 40 లక్షలు. ఏడాదికి 6 లక్షల చొప్పున నాలుగేళ్లలో వదులుకునేది 24 లక్షలే కదా అన్నారు. అప్పుడు ముందు వరుసలోని ఒకమ్మాయి అడిగింది: "సార్, మొత్తం షేర్లెన్ని?" "అది కాన్ఫిడెన్షియల్ అమ్మా" అన్నారాయన.

ఆయన మోసం చేశారని నేననుకోను. కానీ ఆ గుణకారంలోని 1,000 రూపాయలు ఉద్యోగి షేరు ధర కాదు. అది పెట్టుబడిదారు కొన్న ప్రిఫరెన్స్ షేరు ధర. ఆ షేరుకు ఉన్న హక్కులు ఉద్యోగికొచ్చే ఈక్విటీ షేరుకు ఉండవు. వాటిలో ముఖ్యమైనది, కంపెనీ అమ్ముడుపోయినప్పుడు పెట్టిన డబ్బు ముందుగా వెనక్కి తీసుకునే హక్కు.

దీన్నొక లెక్కతో చూద్దాం. మొత్తం షేర్లు 10 లక్షలనుకుంటే 4,000 ఆప్షన్లంటే 0.4 శాతం. మరో రెండు రౌండ్లలో ఒక్కోసారి కంపెనీలో 20 శాతం వాటా కొత్త షేర్ల రూపంలో బయటివాళ్లకు పోతే ఈ వాటా 0.256 శాతానికి తగ్గుతుంది. ఇది సహజమే, కంపెనీ పెరుగుతుంటే నష్టమూ లేదు. ఇప్పుడు పెట్టుబడిదారులు మొత్తం 60 కోట్లు పెట్టి సగం వాటా తీసుకున్నారనుకోండి. పరిస్థితి అంత బాగాలేక కంపెనీ 70 కోట్లకు అమ్ముడుపోయింది. మామూలు లెక్కలో 0.256 శాతానికి దాదాపు 18 లక్షలు రావాలి. కానీ వాటా ప్రకారం తీసుకుంటే పెట్టుబడిదారులకు 35 కోట్లే వస్తాయి, కాబట్టి వాళ్లు ముందు హక్కు వాడుకుని తమ 60 కోట్లూ తీసేసుకుంటారు. మిగిలిన 10 కోట్లే మిగతావాళ్లంతా పంచుకోవాలి. అందులో మన ఉద్యోగికి వచ్చేది 5 లక్షల 12 వేలు. వదులుకున్న జీతం 24 లక్షలు.

ఇలా నిజంగా జరిగింది కూడా. అమెరికాలో గుడ్ టెక్నాలజీ అనే మొబైల్ భద్రతా కంపెనీ విలువ ఒక దశలో వంద కోట్ల డాలర్లు దాటింది. 2015లో దాన్ని బ్లాక్‌బెర్రీ 42.5 కోట్ల డాలర్లకు కొంది. ఏడాది ముందు 4.32 డాలర్లుగా విలువ కట్టిన ఉద్యోగుల షేరుకు చేతికొచ్చింది 44 సెంట్లు. పెట్టుబడిదారుల ప్రిఫరెన్స్ షేరుకు 3 డాలర్ల పైనే దక్కింది. అంతకన్నా బాధాకరమైన సంగతి, కొందరు ఉద్యోగులు పాత ఎక్కువ విలువ మీద అప్పటికే పన్ను కట్టేశారు.

మంచి ఉదాహరణలూ ఉన్నాయి. చెన్నైలో మొదలైన ఫ్రెష్‌వర్క్స్ 2021 సెప్టెంబరులో నాస్‌డాక్‌లో లిస్టయినప్పుడు, ఐదు వందల మందికి పైగా ఉద్యోగులు కోటీశ్వరులయ్యారని వ్యవస్థాపకుడు గిరీశ్ మాతృభూతం చెప్పారు. మన వ్యవస్థాపకులందరూ చెప్పే కథ ఇదే. చెప్పడంలో తప్పులేదు. అయితే అక్కడ షేర్లు మార్కెట్లో అమ్ముకునే రోజు వచ్చింది. లిస్టింగ్ అయితే ప్రిఫరెన్స్ షేర్లు ఈక్విటీగా మారిపోతాయి, ముందు హక్కు గొడవ ఉండదు. ఆ రెండూ జరగని కంపెనీలే ఎక్కువ.

నన్ను ఎక్కువగా వేధించేది పన్ను లెక్క. మీటింగ్‌లో దాని ఊసే రాలేదు. పద్ధతి ప్రకారం ఏడాది పూర్తయ్యాక పావు వంతు, తర్వాత నెలనెలా కొంత చొప్పున నాలుగేళ్లలో ఆప్షన్లన్నీ వెస్ట్ అవుతాయి, అంటే వాటిని వాడుకునే హక్కు ఉద్యోగికొస్తుంది. మొదటి ఏడాది ఆగడం మన కంపెనీల చట్టం నియమాల్లోనే ఉంది. వెస్ట్ అయినంత మాత్రాన షేరు రాదు. ముందే నిర్ణయించిన ధర, అంటే ఎక్సర్‌సైజ్ ధర, కట్టి తీసుకున్నాకే వస్తుంది. అప్పటిదాకా ఓటూ లేదు, డివిడెండూ లేదు. కాబట్టి "ఇవాళ్టి నుంచి మీరంతా ఓనర్లు" అని వ్యవస్థాపకులు చెప్పే మాట అప్పటికి నిజం కాదు.

రెండేళ్లకు ఒక ఉద్యోగి మానేశాడనుకుందాం. 2,000 ఆప్షన్లు వెస్ట్ అయ్యాయి. షేరుకు 10 రూపాయల చొప్పున 20 వేలు కడితే చాలనుకుంటాడు. కానీ ఆ రోజు మర్చంట్ బ్యాంకర్ ఈక్విటీ షేరుకు 600 రూపాయల విలువ కడితే, తేడా 590 రూపాయల చొప్పున 11 లక్షల 80 వేలు అతని జీతంలో కలిసిపోతాయి. ఏడాది జీతం 14 లక్షలూ పూర్తిగా వచ్చిందనుకుంటే, కొత్త పన్ను విధానంలో 2025-26 శ్లాబుల ప్రకారం అదనంగా పడేది సుమారు 2.6 లక్షలు. రెండు నెలల జీతం కన్నా ఎక్కువ. షేరేమో అమ్ముకోవడానికి లేదు, కొనేవాడూ లేడు. రేపు కంపెనీ మూతపడితే ఆ నష్టాన్ని జీతం మీద కట్టిన పన్నులో తగ్గించుకోవడానికీ వీల్లేదు.

2020 బడ్జెట్‌లో ఈ పన్నును వాయిదా వేసే వెసులుబాటు తెచ్చారు. చాలామంది వ్యవస్థాపకులు అందరికీ వర్తిస్తుందన్నట్టు దాన్ని చెబుతారు. స్టార్టప్‌గా గుర్తింపు ఉంటే సరిపోదు, అంతర్ మంత్రిత్వ శాఖల బోర్డు సర్టిఫికెట్ కూడా ఉండాలి. గుర్తింపు పొందిన కంపెనీల్లో అది ఉన్నవి చాలా తక్కువ. ఉన్నా, ఉద్యోగం మానేస్తే ఆ వాయిదా అక్కడితో ముగుస్తుంది, పన్ను వెంటనే కట్టాల్సి వస్తుంది. అంటే డబ్బుకు ఎక్కువ ఇబ్బందయ్యే ఆ రోజునే ఈ రక్షణ పోతుంది.

అందుకే ఆఫర్ లెటర్‌లో నేను మొదట వెతికేది ఆప్షన్ల సంఖ్యను కాదు, మానేశాక ఎక్సర్‌సైజ్‌కు ఎన్ని రోజులిస్తారన్న గడువును. చాలాచోట్ల తొంభై రోజులే. ఆ మూడు నెలల్లో 2.6 లక్షలు తెచ్చుకోలేనివాడి ఆప్షన్లు కంపెనీ పూల్‌లోకి తిరిగి వెళ్లిపోతాయి. రెండేళ్లలో అతను వదులుకున్న 12 లక్షల జీతం మాత్రం తిరిగి రాదు. 2015లో పింటరెస్ట్ ఈ గడువును, రెండేళ్లు పనిచేసినవాళ్లకు, ఏడేళ్ల వరకు పెంచింది. గడువు పెంచితే షేరుకు కొనేవాడు దొరికేదాకా ఆగే వీలుంటుంది, ఎక్సర్‌సైజూ పన్నూ అమ్మకం డబ్బుతోనే గడిచిపోతాయి. దీనికి కంపెనీ ఖజానా నుంచి ఇప్పుడు ఒక్క రూపాయీ పోదు. జీతం పెంచలేని వ్యవస్థాపకుడు ఇవ్వగలిగిన వాటిలో దీనికి మించింది నాకు కనిపించలేదు.

మీటింగ్ అయ్యాక ఈ సంగతులే ఆయనతో చెప్పాను. ఓపిగ్గా విన్నారు. మూడు రోజులకు మొత్తం షేర్ల సంఖ్య, పెట్టుబడిదారులకున్న ముందు హక్కు ఎంతో రాసి స్టాఫ్ అందరికీ మెయిల్ పంపారు. ప్రశ్న అడిగిన అమ్మాయికి ఆయన విడిగా క్షమాపణ కూడా చెప్పారని విన్నాను. గడువు విషయం మాత్రం బోర్డులో పెట్టాలన్నారు. లెటర్‌లో ఇంకా తొంభై రోజులనే ఉంది.