పెళ్లికొడుకు లండన్‌లో, డబ్బు ఇంకెవరి ఖాతాలోనో

పెళ్లి సంబంధాల వెబ్‌సైట్లలో పరిచయం పెంచుకుని లక్షలు గుంజుకున్నారన్న వార్త వచ్చినప్పుడల్లా, చదువుకున్నవాళ్లు కూడా ఎలా నమ్మారన్న ప్రశ్న వినిపిస్తుంది. ఆ ప్రశ్న వేసేవారు చివరి మెట్టును మాత్రమే చూస్తున్నారు. ముక్కూమొహం తెలియని మనిషి మొదటిరోజే లక్ష రూపాయలు అడిగితే ఎవరూ ఇవ్వరు. అడగడానికి ముందు కొన్ని వారాలపాటు ఏం జరిగిందో చూస్తేనే ఈ మోసం పనితనం అర్థమవుతుంది.

కూకట్‌పల్లిలో ఉంటూ ఒక ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెప్పే, విడాకులు తీసుకున్న 38 ఏళ్ల మహిళను ఊహించుకుందాం. ఆమె ఏ ఒక్క వ్యక్తీ కాదు. ఇలాంటి మోసాల్లో తరచూ కనిపించే అంశాలనే ఆమెకు ఆపాదిస్తున్నాను. వెబ్‌సైటులో ఆమెకు నచ్చిన వ్యక్తి లండన్‌లో ఎముకల వైద్యుడు, భార్య చనిపోయింది, ఒక కూతురు ఉంది. తల్లిదండ్రులది గుంటూరు జిల్లా అంటాడు గానీ, చిన్నప్పుడే వెళ్లిపోయాను కనుక తెలుగు మాట్లాడలేనంటాడు. రెండో రోజుకే సంభాషణను వాట్సాప్‌కు మార్చమంటాడు. నంబరు +44తో మొదలవుతుంది కాబట్టి ఆమెకు అనుమానం రాదు. నిజానికి అలాంటి నంబరును ఏ దేశంలో కూర్చునైనా ఇంటర్నెట్ ద్వారా తీసుకోవచ్చు.

ఆ తర్వాత ఉదయం లేచేసరికి సందేశం, కళాశాల విరామంలో ఫోను, రాత్రి పడుకునే దాకా కబుర్లు. పదో రోజుకల్లా ‘మన ఇల్లు’, ‘మన పాప’ అన్న మాటలు వచ్చేస్తాయి. ఇంత శ్రద్ధకు ఒక ప్రయోజనం ఉంది. మన దగ్గర సంబంధం అంటే అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలనే పట్టింపు ఇప్పటికీ ఎంతోకొంత ఉంది; ఇంటిపేరేమిటి, ఏ ఊరు, ఎవరి తాలూకు అని ఎవరో ఒక పెద్దమ్మో బాబాయో ఆరా తీస్తారు. ఆ ఆరాలో నాకు నచ్చనివి చాలానే ఉన్నాయి గానీ, దొంగ పెళ్లికొడుకును పట్టేసే జల్లెడ కూడా అదే. రోజంతా సందేశాలతో నింపేస్తే ఆ నాలుగు మాటలు ఇంకొకరితో పంచుకునే తీరిక ఉండదు. పైగా ‘ఇంట్లో ఇప్పుడే చెప్పొద్దు, నేనే వచ్చి మీ నాన్నగారిని అడుగుతాను’ అంటాడు. గౌరవంగా వినిపించే ఆ మాటే, నా దృష్టిలో, డబ్బు ప్రస్తావన రాకముందు కనిపించే ముఖ్యమైన సంకేతం. వీడియో కాల్‌లో ముఖం కనిపించినా నిశ్చింత పనికిరాదు. ముందే రికార్డు చేసిన వీడియోను నెట్‌వర్క్ బాగాలేదన్న నెపంతో అర నిమిషం చూపి ఆపేయడం వీరికి మామూలే.

ఇక అసలు ఘట్టం. ఆమెను చూడటానికి వస్తున్నానని చెప్పి టికెట్ ఫొటో పంపుతాడు. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఢిల్లీ విమానాశ్రయ కస్టమ్స్ నుంచి అంటూ ఒక మహిళ ఫోన్ చేస్తుంది: ‘మేడమ్, మీ కాబోయే భర్త దగ్గర భారీగా పౌండ్లు దొరికాయి, 38,500 రూపాయలు కడితే వదిలేస్తాం.’ వెనక అతని ఏడుపు గొంతు. ఆమె కడుతుంది. గంటలోపే మనీ లాండరింగ్ ధ్రువపత్రానికి 1,15,000 అంటారు. సాయంత్రానికి పౌండ్లను రూపాయల్లోకి మార్చే రుసుము 2,40,000 అవుతుంది. రెండోసారి కట్టేటప్పుడు ఆమె అతని కోసం ఎంత కడుతోందో, అప్పటికే పోసిన 38,500 వృథా కాకూడదనీ అంతే కడుతోంది. మొదటి మొత్తం చిన్నదిగా ఉండటానికి కారణం ఇదే.

విమానాశ్రయం ఢిల్లీదే ఎందుకు కావాలి? లండన్ నుంచి హైదరాబాద్‌కు నేరుగా విమానం ఉంది. కానీ శంషాబాద్ అంటే తమ్ముడు బండి వేసుకుని గంటలో వెళ్లి చూసి రాగలడు. శుక్రవారం మధ్యాహ్నమైతే బ్యాంకుకు వెళ్లి అడిగే సమయం కూడా మిగలదు.

కథలోని కస్టమ్స్ భాగం నిబంధనల ముందు నిలవదు. విదేశీ కరెన్సీని భారత్‌లోకి తేవడానికి పరిమితి లేదు. నోట్లు 5,000 డాలర్ల విలువ దాటినా, ట్రావెలర్స్ చెక్కులతో కలిపి 10,000 డాలర్లు దాటినా ప్రకటన పత్రం నింపి ఇవ్వాలి, అంతే. నింపకుండా దొరికిపోతే చర్య ఆ ప్రయాణికుడి మీద ఉంటుంది. సుంకమో జరిమానానో అతనే అక్కడ కట్టి రసీదు తీసుకుంటాడు. కూకట్‌పల్లిలో ఉన్న స్నేహితురాలికి ఫోన్ చేసి వసూలు చేసే పద్ధతి ఆ శాఖలో లేదు.

ఈ నిబంధనలేవీ తెలియకపోయినా పట్టుకోగల ఆనవాలు ఒకటుంది. కథలో వైద్యుడు, కస్టమ్స్, రిజర్వు బ్యాంకు ఎందరు వచ్చినా, డబ్బు చేరేది మాత్రం చాలాసార్లు ఏదో రాష్ట్రంలోని ఒక వ్యక్తి ఖాతాకే. యూపీఐలో పిన్ నొక్కే ముందు తెర మీద గ్రహీత పేరు కనిపిస్తుంది. నెట్ బ్యాంకింగ్‌లో నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ పంపేవారికి కూడా ఖాతాదారు పేరు చూపాలని రిజర్వు బ్యాంకు చెప్పడంతో 2025 ఏప్రిల్ నుంచి ఆ సదుపాయం వచ్చింది. కస్టమ్స్‌కు కట్టే సొమ్ముకు అక్కడ ఎవరో ఒక మనిషి పేరు కనిపిస్తే ఇంక ఆలోచించేదేమీ లేదు. ‘అది మా అధికారి ఖాతా’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ జవాబు వినాల్సి వచ్చిందంటేనే మోసం ఖాయం.

అందరినీ డబ్బే అడగరు. ‘నా క్లయింటు పంపే రెండు లక్షలు నీ ఖాతాలో వేయిస్తాను, నేను చెప్పిన చోటికి పంపించు చాలు’ అంటారు కొందరు. తన జేబులోంచి రూపాయి పోదు కాబట్టి ఇది చిన్న సాయంలాగే అనిపిస్తుంది. అలా వచ్చేది ఇంకొక బాధితురాలి సొమ్ము. ఆమె ఫిర్యాదు చేయగానే ఈ ఖాతా స్తంభించిపోతుంది, జీతం కూడా అందులోనే చిక్కుకుంటుంది, పోలీసుల నోటీసు ఈమెకే వస్తుంది. డబ్బు పోగొట్టుకోవడం కన్నా ఇది ఎక్కువ ప్రమాదమని నా అభిప్రాయం, ఎందుకంటే ఇక్కడ బాధితురాలు నిందితురాలి స్థానంలో నిలబడి తన అమాయకత్వాన్ని తానే రుజువు చేసుకోవాల్సి వస్తుంది.

డబ్బు పంపాక అనుమానం వస్తే చేయవలసిన పని అతనితో తగవు పడటం కాదు. తగవు పడితే అతను మాయమవుతాడు, సొమ్ము ఇంకో ఖాతాకు పోతుంది. వెంటనే 1930కి ఫోన్ చేయాలి, లేదా cybercrime.gov.in లో నమోదు చేయాలి. లావాదేవీ సంఖ్య, మొత్తం, సమయం, ఏ ఖాతాకు వెళ్లిందన్న వివరాలు చేతిలో ఉంచుకోవాలి. చాట్‌ను చెరిపేయకూడదు. ఫిర్యాదు అందగానే ఆ సొమ్ము ఏ ఖాతాలో ఉందో అక్కడే ఆపమని బ్యాంకులకు సూచన వెళ్తుంది. గంటల్లో చెబితే కొంతైనా ఆగే అవకాశం ఉంటుంది; ఏటీఎంలో తీసేశాక, క్రిప్టోగా మార్చేశాక తిరిగి రావడం చాలా అరుదు. సిగ్గుతో సోమవారం దాకా ఆగిపోయేవారే ఎక్కువ నష్టపోతారు.

ఆగిన సొమ్ము తిరిగి చేతికి రావాలంటే సాధారణంగా కోర్టు ఉత్తర్వు కావాలి. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా కూడా ఇలాంటి మొత్తాలను బాధితులకు ఇప్పిస్తున్నారు. ఈ ఎదురుచూపు సమయంలోనే మరో ఫోన్ వస్తుంది: పోయిన డబ్బు మేం రాబడతాం, ముందుగా 15,000 ఫీజు కట్టండి అని. బాధితుల నంబర్లు ఈ ముఠాల మధ్య చేతులు మారుతుంటాయి. ఆ 15,000 కట్టమన్న చోట కూడా గ్రహీత పేరు చూస్తే మళ్లీ ఎవరో ఒక వ్యక్తి పేరే ఉంటుంది.