ముదిరిన మెయిల్ గొడవను ఫోన్‌లోకి తెచ్చే ఐదు వాక్యాలు

మెయిల్లో మాట పెరుగుతోందని ఎలా తెలుస్తుంది? జవాబులు గంటల్లో కాకుండా నిమిషాల్లో రావడం మొదలవుతుంది. "ముందే చెప్పినట్టు" అనే మాట కనిపిస్తుంది. అవతలివాళ్లు మన మెయిల్‌ని ముక్కలు చేసి, ఒక్కో వాక్యం కింద ఎర్ర రంగులో జవాబు రాస్తారు. అన్నిటికన్నా ఖాయమైన గుర్తు, సీసీలో కొత్త పేరు చేరడం. అక్కణ్నుంచి ఇద్దరూ ఒకరికొకరు రాసుకోవడం మానేసి, చూస్తున్నవాళ్ల కోసం రాయడం మొదలుపెడతారు.

అలాంటప్పుడు "కాల్‌లో మాట్లాడుకుందాం" అనడం మంచి సలహానే. కానీ ఆ మాట అనే తీరులోనే చాలామంది దెబ్బతింటారు. మా ప్రాజెక్టులో ఒకసారి ఇదే జరిగింది. సోమవారం ఇస్తామన్న డేటా ఫైలు బుధవారం ఇచ్చాం. అందులో రెండు కాలమ్స్ లేవని అవతలి టీమ్ లీడ్ రాశారు. అడిగిన లిస్టులో అవి లేనే లేవని మేం రాశాం. తొమ్మిదో మెయిల్ దగ్గర మా వైపు నుంచి ఒకరు ఇలా పంపారు: "మీకు విషయం అర్థమైనట్టు లేదు. ఇది మెయిల్లో తేలేది కాదు, కాల్‌కి రండి." పది నిమిషాల్లో జవాబు వచ్చింది: "నాకు బాగానే అర్థమైంది. ఏదున్నా రాతపూర్వకంగానే చెప్పండి." సీసీలో వాళ్ల మేనేజర్ చేరారు.

ఆ టీమ్ లీడ్ మొండితనం చేస్తున్నారని మావాళ్లు అనుకున్నారు. నాకు అలా అనిపించలేదు. నలుగురూ చూస్తుండగా తప్పు ఆయనదే అన్నట్టు రాసి, ఆ వెంటనే ఎవరూ వినని చోటికి రమ్మన్నాం. తన వాదన రికార్డులో లేకుండా పోతుందని ఆయన భయపడ్డారు. ఆ భయం తీర్చకుండా ఎంత మర్యాదగా పిలిచినా లాభం లేదు.

ఒక గంట ఆగి నేను ఇలా రాశాను: "ఫైలు సోమవారం ఇస్తామని బుధవారం ఇచ్చాం, దాంతో మీకు రెండు రోజులు పోయాయి. అది మా వైపు జరిగిన ఆలస్యమే. కాలమ్స్ సంగతి మాత్రం నేను మెయిల్లో సరిగా చెప్పలేకపోతున్నాను. ఈరోజు 4 గంటలకు గానీ రేపు ఉదయం 11కి గానీ ఒక 15 నిమిషాలు మాట్లాడుకుందామా అండి? కాల్ అవ్వగానే ఏమనుకున్నామో ఇదే థ్రెడ్‌లో రాస్తాను, నేను ఏదైనా తప్పు రాస్తే మీరు సరిచేయండి."

ఇందులో మొదటి రెండు వాక్యాలదే ఎక్కువ బరువు. "మీ ఇబ్బంది అర్థమైంది" అంటే ఎవరూ నమ్మరు, ఎందుకంటే ఏ ఇబ్బందో అందులో లేదు. సోమవారం, బుధవారం అని పేరుపెట్టి చెబితే ఆయన రాసింది మేం చదివామని రుజువవుతుంది. అయితే నిజంగా మనవైపు ఉన్నంతవరకే ఒప్పుకోవాలి. కాలమ్స్ తప్పు మాదని నేను రాయలేదు, అది ఇంకా తేలలేదు కాబట్టి. మూడో వాక్యంలో లోపాన్ని నా రాత మీద వేసుకున్నాను. "మీకు అర్థం కాలేదు" అన్నా, "నేను చెప్పలేకపోతున్నాను" అన్నా వెళ్లేది కాల్‌కే. కానీ మొదటిది విన్నవాళ్లు రారు. ఇక రెండు సమయాలు ఇస్తే ఎంచుకునేది వాళ్లవుతారు, 15 నిమిషాలంటే అదేదో పంచాయితీ అనిపించదు. చివరి వాక్యం ఆయన రికార్డు భయానికి జవాబు.

ఈ మెయిల్‌ని సీసీలో ఉన్న అందరికీ పంపాను. మేనేజర్ పేరు చడీచప్పుడు లేకుండా తీసేస్తే ఏదో దాస్తున్నట్టుంటుంది. కాల్ ఇన్వైట్ మాత్రం టీమ్ లీడ్ ఒక్కరికే పెట్టాను. ఆయనకు చెప్పకుండా ఇంకొకరిని కాల్‌లో కూర్చోబెడితే పడ్డ శ్రమంతా వృథా.

గొంతు వినిపిస్తే పని ఎందుకు తేలికవుతుందో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లే తదితరులు 2005లో ప్రచురించిన అధ్యయనం చూపించింది. తమ మెయిల్లోని వెటకారమో, నిజాయితీయో ఎదుటివాళ్లకు ఇట్టే తెలిసిపోతుందని రాసినవాళ్లు అనుకున్నారు. చదివినవాళ్లు పట్టుకున్నది అంతకన్నా చాలా తక్కువ. గొంతుతో విన్నవాళ్లు మెరుగ్గా పట్టుకున్నారు.

నాలుగింటికి కాల్‌లో మొదట ఆయన్నే చెప్పనిచ్చాను. ఆరో నిమిషంలో సంగతి బయటపడింది. లిస్టుకు రెండు వెర్షన్లు ఉన్నాయి. ఆ రెండు కాలమ్స్ ఉన్న రెండోది, మా టీమ్ వదిలి వెళ్లిపోయిన ఒకరికి మాత్రమే అందింది. ఎర్ర రంగు జవాబుల్లో ఒక్కసారి కూడా ఈ ప్రశ్న రాలేదు. ఇద్దరం చెరో లిస్టు తెరిచి పెట్టుకుని, ఒకే లిస్టు గురించి అనుకుంటూ వాదించుకున్నాం.

డబ్బు ఒప్పందాలు, వేధింపుల ఫిర్యాదుల్లాంటి చోట మాత్రం రాతలోనే ఉండాలని అడిగేవాళ్లను కాల్‌కి లాగకూడదు. అక్కడ రాతే వాళ్లకు రక్షణ. కాల్‌లో మాట్లాడాల్సిన భాష ధారాళంగా రానివాళ్ల విషయంలోనూ అంతే.

ఆ సాయంత్రం థ్రెడ్‌లో నేను పెట్టిన మెయిల్ మూడు ముక్కలే: రెండో వెర్షన్ లిస్టే ఖాయం, కొత్త ఫైలు శుక్రవారం మధ్యాహ్నానికి ఇస్తాం, ఇకపై లిస్టు మారితే ఇద్దరు లీడ్లకూ పంపాలి. ఎవరిది తప్పో అందులో లేదు. ఆయన ఒక చిన్న సవరణతో జవాబిచ్చారు, ఈసారి నల్ల అక్షరాల్లో.