గడువు ఎప్పటినుంచి లెక్క?

అకౌంటింగ్ వృత్తి కోర్సు ఏసీసీఏ చదివేవారిని తరచూ గందరగోళపెట్టే ప్రశ్న ఒకటుంది: పాసైన పేపరు ఎన్నాళ్లు చెల్లుతుంది? జవాబు ఆ పేపరు ఏ స్థాయిదన్న దాన్ని బట్టి ఉంటుంది. మొత్తం 13 పేపర్లలో కింది రెండు స్థాయిలవి తొమ్మిది. డిగ్రీని బట్టి మినహాయింపులు దొరికేది ఈ తొమ్మిదిలోనే. వీటిలో పాసైనా, మినహాయింపు పొందినా కాలపరిమితి లేదు. పైనున్న స్ట్రాటజిక్ ప్రొఫెషనల్ స్థాయిలోని నాలుగింటికి మినహాయింపూ లేదు, తీరికా లేదు. ఆ స్థాయిలో మొదటి పేపరు పాసైనప్పటి నుంచి ఏడేళ్లలో నాలుగూ ముగించాలి. రిజిస్టర్ చేసుకున్న రోజు, మినహాయింపు వచ్చిన రోజు, తప్పిన పరీక్షలు ఈ లెక్కలోకి రావు.

గడువు దాటితే నాలుగూ ఒకేసారి పోతాయని చాలామంది భయం. అలా జరగదు. ఏడేళ్లు నిండిన పేపరు మాత్రమే రద్దవుతుంది. అయితే చిక్కంతా అక్కడే ఉంది.

ఒక విద్యార్థి పైస్థాయి పేపర్లలో 2018 సెప్టెంబరులో ఎస్‌బీఆర్, 2019 మార్చిలో ఎస్‌బీఎల్, 2022 జూన్‌లో ఏఎఫ్ఎం పాసయ్యాడనుకుందాం. మిగిలిన ఏపీఎం 2025 సెప్టెంబరు నాటికి అయిపోవాలి. అది డిసెంబరుకు జారిందంటే ఎస్‌బీఆర్ చేజారినట్టే, మళ్లీ రాయాలి. దాన్ని 2026 మార్చిలో గట్టెక్కితే సరే. జూన్‌కు వెళ్లిందో, ఈలోగా ఎస్‌బీఎల్‌కూ ఏడేళ్లు నిండిపోతాయి. ఆఖరి పేపరు ఒక్కటే మిగిలిందనుకున్న మనిషి ముందు ఇప్పుడు రెండు పేపర్లు తిరిగి నిలబడతాయి.

పన్ను, ఆడిట్ ప్రమాణాలు మారుతూనే ఉంటాయి గనుక పైస్థాయి పాసులకు కాలపరిమితి ఉండటాన్ని మేం తప్పుపట్టం. మా అభ్యంతరమల్లా మొదటి పైస్థాయి పేపరును తొందరపడి రాయడం మీద. ఉద్యోగంలో రాత్రి పగలు తేడా తెలియని ఏడాదిలో, మిగతా మూడింటికి సమయం ఎక్కడిదో తేల్చుకోకుండా రాస్తే గడువు ఊరికే కరుగుతుంది. కింది స్థాయిలో ఆగితే నష్టం లేదు.

మినహాయింపు విషయంలోనూ ఒక హెచ్చరిక. దొరికిందల్లా తీసుకోవడం లాభమనిపిస్తుంది. కానీ ప్రతి మినహాయింపుకూ రుసుము ఉంటుంది కాబట్టి ప్రధానంగా మిగిలేది సమయమే. ఎస్‌బీఆర్ ప్రధానంగా ఎఫ్ఆర్ అనే కింది స్థాయి పేపరు మీద కట్టిన పేపరు. కన్సాలిడేటెడ్ ఖాతాలు ఎప్పుడో డిగ్రీలో చదివి మరిచిపోయినవారు ఎఫ్ఆర్‌ను దాటేసి నేరుగా పైకి వెళితే, ఆదా అయిన నెలలు ఎస్‌బీఆర్ మళ్లీ మళ్లీ రాయడంలో ఖర్చవుతాయి. వచ్చిన మినహాయింపును వదులుకుని పరీక్ష రాసే వీలుంది. పట్టు తప్పిన పేపరుకు అదే మంచిది. ఇక పైస్థాయిలో ఒక్కో పేపరు పాసైన నాడే, దానికి ఏడేళ్లు నిండే నెలను అభ్యర్థి ఫలితపత్రం మీదే రాసిపెట్టుకోవాలి.