తొమ్మిది తోకల నక్కను విలన్ అని తేల్చేయకండి

జపాన్ జానపద కథల్లోని నక్కల గురించి ఎక్కడ చదివినా ఒకటే మాట: తెల్లవి దేవుడి దూతలు, మిగతావి మాయలమారివి. ఇది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆ కథలు పుట్టిన చోట గీత అంత తిన్నగా లేదు.

తోకలు పెరగడం అంటే వయసూ శక్తీ పెరగడం, అంతే. మంచితనానికి దానితో సంబంధం లేదు. 927లో పూర్తయిన ఎంగిషికి అనే రాజశాసన గ్రంథం తొమ్మిది తోకల నక్కను శుభశకునాల్లో చేర్చింది. తర్వాత అదే నక్క తమామో నో మాయే కథలో చక్రవర్తుల ప్రాణాలు తీసే రాక్షసి అయింది.

ఆ కథలో తోబా అనే మాజీ చక్రవర్తి మనసు దోచిన అందగత్తె ఈ తమామో. ఏ శాస్త్రం అడిగినా జవాబు చెప్పగలదు. ఆయన మంచం పడితే ఆస్థాన జ్యోతిష్కుడు ఆమె నక్క అని బయటపెట్టాడు. ఆమె నాసు మైదానానికి పారిపోయింది, యోధులు వెంటాడి చంపారు, చచ్చాక విషం కక్కే రాయిగా మారింది. పాత కథల్లో ఆమెకు రెండు తోకలే, తొమ్మిది తోకలు తర్వాతి కాలంలో వచ్చి చేరాయి. ఆమె పూర్వజన్మను భారతదేశం దాకా లాగారు కూడా: మన మహాభారతంలోని కల్మాషపాదుడి బౌద్ధ రూపమైన రాజుకు ఆమె ప్రియురాలట!

మరి అదే జంతువు దేవుడి దూత ఎలా అయింది? ఇనారి వరి పంటకు దేవత. పొలాల్లో ఎలుకల్ని పట్టే నక్క రైతుకు మేలు చేసేదే కాబట్టి ఆ దేవతకు దగ్గరైందని చాలామంది చెబుతారు, నాకూ అది నమ్మదగ్గట్టే ఉంది. క్యోటోలోని ఫుషిమి ఇనారి గుడిలో నక్క బొమ్మల నోట్లో ధాన్యాగారపు తాళంచెవి, వరి కంకి కనిపిస్తాయి. చాలామంది పొరబడేది ఇక్కడే: అక్కడ నక్క దేవుడు కాదు, దేవుడి పనిమనిషి. దీనికి బౌద్ధం ఇంకో పొర వేసింది. మన శాకినీ ఢాకినీల్లోని ఢాకిని అక్కడ దాకినితెన్ అయి తెల్లనక్క మీద కూర్చుంది, ఇనారితో కలిసిపోయింది. మనుషుల గుండె తినే పిశాచి వరాలిచ్చే దేవత అయ్యాక, ఆమె వాహనం పూర్తిగా సాధువు అవుతుందా?

పొలంలో ఎలుకల్ని తినే నక్కే రాత్రి కోళ్లనూ ఎత్తుకుపోతుంది. దానితో కలిసి బతికిన వాళ్లకు ఈ రెండూ ఒకే జంతువు పనులు. అందుకే నైవేద్యంగా వేయించిన టోఫూ పెట్టారు, నక్క పట్టిందని భయపడి మంత్రగాళ్లనూ పిలిచారు.

ఇంకా నమ్మకపోతే తోచిగి రాష్ట్రంలోని ఓతవారా వెళ్లి చూడండి. అక్కడ తమామో ఇనారి అనే గుడి ఉంది. చంపిన నక్కనే అక్కడ పూజిస్తారు.