గంజాం మేకలు, మామిడాకుల కట్ట

పశువును చూసి ప్రాంతం చెప్పగలనన్న అహంకారం నాకు తాతగారి నుంచి సంక్రమించింది. చీపురుపల్లి దగ్గరి మా ఊళ్లో ఆయన అరుగు మీద కూర్చుని, దారిన పోయే ఎడ్ల కొమ్ములను బట్టి బండి ఎటువైపుదో చెప్పేవారట. ఆ విద్య నాకూ అబ్బిందని నేను ప్రకటించుకుంటే విజయనగరంలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, ఎందుకంటే మా వీధిలో తిరిగే ఆవులన్నీ మా వీధివే.

చిక్కు మా మేనల్లుడితో మొదలైంది. ప్రపంచంలో ఎక్కడో ఒక రోడ్డు ఫోటోను తెర మీద చూపి, అది ఏ చోటో పటం మీద గుర్తు పెట్టమనే ఆట ఒకటి వాడి కంప్యూటర్లో ఉంది. ఒక ఆదివారం వాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తెర మీద ఎర్రమట్టి దారి, దాని పక్కన తెల్లని ఎత్తైన పశువులు కనిపించాయి. నిండైన మూపురం, మడతలు పడి వేలాడే గంగడోలు, పొట్టి కొమ్ములు, నల్లని తోక కుచ్చు చూసేసరికి నాకు ఇక సందేహం మిగలలేదు. "ఒంగోలు జాతి, ప్రకాశం జిల్లా. గుర్తు పెట్టెయ్" అన్నాను. వాడు పెట్టాడు. తీరా చూస్తే అది బ్రెజిల్. గురి తప్పిన దూరం దాదాపు 15 వేల కిలోమీటర్లు.

"జాతి సరిగానే చెప్పావు మావయ్యా, ఖండమే తప్పింది" అన్నాడు వాడు. దాన్ని ఓదార్పు అంటారో ఎత్తిపొడుపు అంటారో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. పందొమ్మిదో శతాబ్దంలోనే మన ఒంగోలు పశువులు ఓడలెక్కి బ్రెజిల్ చేరాయనీ, 1960ల మొదట్లో మరికొన్ని వెళ్లాయనీ, అక్కడ వాటిని మన నెల్లూరు పేరుతోనే 'నెలోర్' అంటారనీ, మాంసం కోసం పెంచే ఆ దేశపు మందల్లో ఇప్పుడు వాటిదే పెద్ద వాటా అనీ ఆ తరువాత తెలిసింది. అంటే తెల్లని మూపురం కనబడగానే ఒంగోలు అనుకోవడం కంటే, ముందు బ్రెజిల్ అనుకోవడమే ఆ ఆటలో క్షేమం.

మరి రెండింటికీ తేడా ఎలా తెలియాలి? మేనల్లుడు ఫోటోను పెద్దది చేసి చూపించాడు. పశువులు రోడ్డు మీద లేవు, ముళ్లతీగ కంచెకు అవతల ఉన్నాయి. ఒక్కదాని మెడలోనూ పలుపు లేదు, ఏ ముక్కుకూ ముకుతాడు లేదు, కాడి రాసుకుని మెడ మీద చర్మం కాయకట్టిన గుర్తు లేదు, పిరుదు మీద మాత్రం కాల్చి వేసిన ముద్ర ఉంది. కనుచూపు మేరలో మనిషి లేడు. మన దగ్గర నాలుగు పశువులుంటే వాటి వెనుక చేతికర్రతో ఒకరైనా ఉంటారు, లేదా అవి రోడ్డు నడుమ పడుకుని బస్సును ఆపి ఉంటాయి. కాబట్టి చూడవలసింది పశువును కాదు, దాని తాడును. ఒంటె విషయంలోనూ అంతే. ఒంటె కనబడితే రాజస్థాన్ అని గుర్తు పెట్టేవాడు విశాఖ బీచిలో పిల్లలను ఎక్కించుకుని తిరిగే ఒంటెను చూసి ఉండడు.

ఇంత పాఠం నేర్చుకున్నాక, ఆ మరుసటి నెలలోనే నా బావమరిది సోంపేటలో ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. మా ఆవిడ రెండు రోజులు ముందే వెళ్లి, పెరటి చెట్టు మామిడాకులు తోరణాలకు తప్పకుండా తెమ్మని ఫోన్లో మూడుసార్లు చెప్పింది. పెద్ద కట్ట కట్టుకుని, ముహూర్తానికి ముందురోజు శ్రీకాకుళంలో ఇచ్ఛాపురం మీదుగా బరంపురం వెళ్లే బస్సెక్కాను. కిటికీ పక్క సీటు, చల్లగాలి, ముందురాత్రి నిద్రలేమి కలిసి నన్ను నరసన్నపేట దాటకుండానే నిద్రపుచ్చాయి.

కళ్లు తెరిచేసరికి బస్సు ఆగి ఉంది, రోడ్డంతా మేకలు. మామూలు మేకలు కావు. నల్లగా, ఎత్తుగా, నిట్టనిలువుగా పైకి లేచిన పొడవాటి కొమ్ములతో ఉన్నవి. ఆ రూపం నాకు బాగా తెలుసు. అవి గంజాం మేకలు, ఒడిశా దక్షిణపు జిల్లాలవి. ఇవి ఇన్ని ఉన్నాయంటే సోంపేట ఎప్పుడో వెనకబడిపోయిందనీ, ఇచ్ఛాపురం కూడా దాటి గంజాం జిల్లాలో ఉన్నాననీ గుండె గుభేలుమంది. సంచీ, ఆకుల కట్ట పట్టుకుని, కండక్టరు పిలుస్తున్నా వినకుండా దిగిపోయాను. మేకలు దారి ఇచ్చాయి, బస్సు వెళ్లిపోయింది.

ఎదురుగా టీకొట్టు మీద పెద్ద తెలుగు అక్షరాల్లో కోటబొమ్మాళి అని ఉంది. టెక్కలి కూడా రాలేదు. పలాస, సోంపేట ఇంకా చాలా ముందున్నాయి.

టీకొట్టు ముందు మేకలను తోలుతున్న పెద్దాయనను అడిగాను. "నారాయణవలస సంతకి వచ్చినాయి బాబూ. రేత్రే లారీలో దిగినాయి. ఈ ఊరివి కావు" అన్నాడాయన. అప్పుడు తీరిగ్గా చూస్తే అన్నీ అర్థమయ్యాయి. ఆ మందలో తల్లీ పిల్లా లేవు, అన్నీ ఒకే ఈడు పోతులు. చాలావాటి వీపు మీద ఎర్రరంగు చుక్క ఉంది. అది బేరం కుదిరినదానికి గుర్తు. వాటి వెనకే పొట్టి గోధుమరంగు మేకలు, రెండు ముర్రా దున్నలు, అయిదారు గొర్రెలు కూడా వరుసలో వస్తున్నాయి. ఒక ప్రాంతానికి చెందిన మందలో ఇన్ని జాతులు కలిసి నడవవు. సంతకు పోయే దారిలో ఏ పశువును చూసినా అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది తప్ప, మనం ఎక్కడున్నామో తెలియదు. బ్రెజిల్‌లో తాడును చూడనివాడిని ఇక్కడ రంగు చుక్కను చూడలేదు.

ఈ జ్ఞానోదయమంతా అయ్యేసరికి చేతిలో బరువు తగ్గినట్టనిపించింది. వెనక్కి తిరిగితే రెండు గంజాం పోతులు, ఇంత లేత మామిడాకు మరెక్కడా దొరకదన్నట్టు, కట్టను చెరొకవైపు నుంచి తింటున్నాయి. నేను లాగాను, అవీ లాగాయి. చివరికి నాకు దక్కింది అరటినార తాడు, దానికి అంటుకున్న నాలుగు తొడిమలు. పెద్దాయన నొచ్చుకుని టీ తాగించాడు.

తరువాతి బస్సులో నేను నిద్రపోలేదు, కిటికీ బయట పశువులను చూడలేదు, ప్రతి దుకాణం బోర్డునూ గట్టిగా చదువుకుంటూ కూర్చున్నాను. పక్క సీటాయన నన్ను కొత్తగా అక్షరాలు నేర్చుకున్నవాడిగా భావించి కాస్త జాలిగా చూశాడు. సోంపేట చేరేసరికి చీకటి పడింది. మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఆకులేవీ?" అంది.

అరటినార తాడు చూపించాను. మేనల్లుడు లోపల్నుంచి తొంగిచూసి, "తాడును చూడమన్నాను గానీ, తాడొక్కటే తెమ్మన్నానేటి మావయ్యా?" అన్నాడు.